ఎవరి పేరు పెట్టినా సరిపోయే పొగడ్త

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో కస్టమర్ సపోర్ట్‌లో పనిచేస్తాను. మా స్లాక్‌లో #shoutouts అని ఒక ఛానెల్ ఉంది. శుక్రవారం సాయంత్రం మేనేజర్ గుర్తు చేస్తారు, అందరం ఎవరో ఒకరిని మెచ్చుకుంటూ ఏదో ఒకటి రాసేస్తాం. పోయిన వారం మా టీమ్‌లో ఒక సీనియర్ (అందరం అక్క అంటాం) నన్ను పెద్ద గండం నుంచి గట్టెక్కించింది. ఆమె గురించి నిజంగా రాయాలని కూర్చుని నాలుగుసార్లు రాసి చెరిపేశాను. చివరికి మిగిలింది ఇది: "అక్క ఎప్పుడూ హెల్ప్‌ఫుల్‌గా ఉంటుంది. ఆమె డెడికేషన్, టీమ్ స్పిరిట్ మనందరికీ ఇన్‌స్పిరేషన్. థాంక్యూ సో మచ్ అక్కా!" ఇది చదివితే నాకే మొక్కుబడిలా ఉంది. ఎక్కువ రాస్తే కాకా పడుతున్నట్టు ఉంటుందని భయం. రెండు మూడు వాక్యాల్లో ఎలా రాయాలి?

అసలు జరిగింది ఇదీ: మా కస్టమర్ షాపు హైదరాబాద్‌లో. విజయవాడలో సరుకు కొన్న పార్టీకి వేసిన బిల్లుల్లో, వేరే రాష్ట్రం కాబట్టి ఐజీఎస్టీ రావాల్సిన చోట, ఒకే రాష్ట్రంలో అమ్మితే పడే సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ పడ్డాయి. అది 11వ తేదీ, అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 కి ఆఖరి రోజు. కస్టమర్ కోపంగా ఉన్నారు, నాకు టెన్షన్. నేను గంటన్నర ట్యాక్స్ సెట్టింగులన్నీ తిరగేశాను. అక్క తన పని ఆపి వచ్చి నా హెడ్‌సెట్ తీసుకుని, "ఆ పార్టీ జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు చదవండి సార్" అంది. ఆయన 37 అన్నారు, అంటే ఆంధ్రప్రదేశ్. మా స్క్రీన్ మీద పార్టీ రాష్ట్రం తెలంగాణ అని ఉంది. అంతే, దొరికింది. తొమ్మిది బిల్లులు సరిచేసి సాయంత్రంలోపు ఫైల్ చేశారు.

సమాధానం:

మీరు వెతుకుతున్న మాటలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఛానెల్ కోసం తంటాలు పడి రాసినవి వదిలేసి, నాకు అర్థం కావాలని "అసలు జరిగింది ఇదీ" అంటూ గబగబా రాసిన పేరా ఒకసారి చదువుకోండి. హెడ్‌సెట్ ఉంది, ఆమె అన్న మాట ఉంది, 37 ఉంది. నేను మీ ఆఫీసు మనిషిని కాదు కాబట్టి నాకు జరిగింది చెప్పక తప్పలేదు. ఛానెల్‌కి వచ్చేసరికి మాత్రం జరిగింది దాచేసి తీర్పు ఒక్కటే చెప్పారు. వాళ్లకూ నాకు చెప్పినట్టే చెబితే సగం పని అయిపోతుంది.

మీరు పంపిన మూడు వాక్యాల్లో అక్క పేరు తీసి వేరే పేరు పెట్టి చూడండి. అకౌంట్స్‌లో కూర్చునే అన్న పేరు పెట్టండి, సరిపోతుంది. సేల్స్‌లో పోయిన నెల చేరిన కుర్రాడి పేరు పెట్టండి, సరిపోతుంది. గేటు దగ్గర సెక్యూరిటీ బాబాయి పేరు పెట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఇప్పుడు హెడ్‌సెట్ పేరాలో పేరు మార్చి చూడండి. అబద్ధం అయిపోతుంది, ఎందుకంటే ఆ రోజు ఆ ప్రశ్న అడిగింది ఒక్కరే. మొక్కుబడి మెచ్చుకోలును పట్టుకోవడానికి ఇంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు.

ఇంకో సంగతి, కాస్త నవ్వు కూడా వస్తుంది. మీరు రాసిన "డెడికేషన్" అసలు నిజమే కాదు. అక్క మీ సీటు దగ్గర ఉన్నది మహా అయితే రెండు నిమిషాలు. గంటన్నర సెట్టింగులతో కుస్తీ పట్టింది మీరు. డెడికేషన్ ఎవరిదైనా ఉందంటే అది మీది! ఆమెది వేరే గుణం, దానికి మీ ఛానెల్‌లో వాడుకలో ఉన్న పది మాటల్లో ఏదీ సరిపోదు. పదికీ పది తడుముకుని, దగ్గరగా ఉన్నదేదో అంటించేశారు. నాలుగుసార్లు చెరపడం అందుకే అనుకుంటాను. మీ చెయ్యికి అది అబద్ధమని తెలుస్తూనే ఉంది.

సరే, ఆమె చేసింది ఏమిటి? ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే వాక్యం బాగుండాలంటే ముందు ఇది తేలాలి.

పన్ను విషయంలో ఆమెకు మీకన్నా ఎక్కువ తెలిసి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్ అని, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 అని మీకూ తెలిసే ఉంటుంది. ఆ సీట్లో కూర్చునేవాళ్లు రోజూ చూసే అంకెలే. మీరు సాఫ్ట్‌వేర్‌ని అనుమానించారు, ఆమె పార్టీ వివరాలను అనుమానించింది. అది ఒకటి. నాకు ఇంకా నచ్చింది రెండోది. ఆమె కస్టమర్‌ని "పార్టీ రాష్ట్రం సరిగ్గానే పెట్టారా?" అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా "ఆ, పెట్టాం" అనే అంటారు. కోపంగా ఉన్న మనిషి అయితే ఇంకా గట్టిగా అంటాడు. ఆమె అంకెలు చదివించింది. చదివేటప్పుడు మనిషి తన నమ్మకాన్ని చెప్పడు, కాగితం మీద ఉన్నదే చెబుతాడు. మీ ఉత్తరంలో అసలైన సంగతి ఇదే. మీరు దాని పక్కనుంచి వెళ్లిపోయారు.

ఎవరినైనా మెచ్చుకోవాలనిపించినప్పుడు ఇలాంటి చోటు ఒకటి వెతకండి: మామూలుగా అయితే మన చెయ్యి ఒకవైపు వెళ్లేది, వాళ్ల చెయ్యి ఇంకోవైపు వెళ్లింది. ఆ మలుపు దొరికితే దాన్ని చూసినట్టు రాస్తే చాలు. దొరకకపోతే ఆ రోజుకి రాయకపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు రాద్దాం. మీ పేరాలో ఉన్నదంతా మొదట ఛానెల్ భాషలో పెడితే ఇలా వస్తుంది:

"11న ఒక కస్టమర్‌కి వేరే రాష్ట్రం బిల్లుల్లో ఐజీఎస్టీ బదులు సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ వస్తున్నాయి. జీఎస్టీఆర్-1 కి అదే లాస్ట్ డే కావడంతో కస్టమర్ చాలా కోపంగా ఉన్నారు, నేనూ బాగా టెన్షన్ పడ్డాను. గంటన్నర ట్యాక్స్ సెట్టింగులన్నీ చెక్ చేసినా దొరకలేదు. అప్పుడు అక్క తన పని పక్కన పెట్టి వచ్చి కస్టమర్‌తో మాట్లాడి, పార్టీ జీఎస్టీ నంబరు అడిగి, రాష్ట్రం తప్పుగా ఉందని రెండు నిమిషాల్లో కనిపెట్టింది. తొమ్మిది బిల్లులు సరిచేసి టైమ్‌లో ఫైల్ చేశారు. అక్క లేకపోతే ఆ రోజు నా పని అయిపోయేది. థాంక్యూ సో మచ్ అక్కా!"

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. పేరు మార్చితే సరిపోదు కూడా. అయినా ఇది మెచ్చుకోలులా లేదు, ఎస్కలేషన్ మెయిల్‌లా ఉంది. పైగా ఎవరి గురించో చూడండి. మొదటి సగమంతా మీ టెన్షన్, చివర మీ పని. అక్క మధ్యలో వచ్చి వెళ్లిపోయింది.

ఈ తేడా మీద అమెరికాలో సారా ఆల్గో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసేవాళ్లు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. జంటలను కూర్చోబెట్టి, ఒకరు చేసిన ఏదో ఒక మేలుకు ఇంకొకరిని థాంక్స్ చెప్పమన్నారు. ఆ మాటల్లో రెండు రకాలు విడదీశారు: "దానివల్ల నాకు ఎంత మేలు జరిగిందో" అనేది ఒకటి, "నువ్వు చేసింది ఎంత గొప్పదో" అనేది రెండోది. విన్నవాళ్ల మనసుకు తగిలింది రెండో రకం. వాళ్లు భార్యాభర్తలు, ప్రేమికులు. మీది ఆఫీసు ఛానెల్, అక్కడిది ఇక్కడికి యథాతథంగా దిగదు. అయినా పైన రాసిన చిత్తుప్రతిని సరిచేయడానికి నాకు ఆ విభజన బాగా పనికొచ్చింది. "నాకు" ఉన్న వాక్యాలన్నీ ఒకవైపు, "ఆమె" ఉన్నవి ఇంకోవైపు పెట్టి చూడండి. మొదటివైపు బరువుగా ఉంటే కోత అక్కడ మొదలుపెట్టాలి.

కోస్తే ఏం పోతాయి? "బాగా టెన్షన్ పడ్డాను" పోతుంది, 11 అంటే మీ ఆఫీసులో అందరికీ టెన్షనే కాబట్టి. "లాస్ట్ డే" కూడా పోతుంది, అదే కారణం. "తన పని పక్కన పెట్టి వచ్చి" పోతుంది, దీని గురించి కింద చెబుతాను. తొమ్మిది బిల్లులు, టైమ్‌లో ఫైల్ చేయడం పోతాయి. అవి టికెట్‌లో ఉంటాయి. "అక్క లేకపోతే నా పని అయిపోయేది" పోతుంది. ఇది రాయకుండా ఉండటం కష్టమే, ఎందుకంటే మీ మనసులో ఉన్నది అదే. ఆ మాట అక్కతో టీ తాగేటప్పుడు చెప్పండి.

"గంటన్నర" మాత్రం ఉంచండి. మీ చేతకానితనం బయటపడుతుందేమో అని సందేహం వస్తుంది కానీ, అదే లేకపోతే ఆమె అడిగిన ప్రశ్న విలువ తెలియదు. అయితే ఒక్క మాటతో సరిపెట్టండి. "నేను ఎంత వెతికినా, ఎన్ని చోట్ల చూసినా, నా వల్ల కాలేదు" అని సాగదీస్తే చదివేవాళ్లు ఆమెను మెచ్చుకోవాలో మిమ్మల్ని ఓదార్చాలో తేల్చుకోలేరు.

అన్నీ తీసేశాక మిగిలింది ఇది:

"11న బిల్లుల్లో ఐజీఎస్టీ ఎందుకు పడట్లేదా అని నేను గంటన్నరగా ట్యాక్స్ సెట్టింగులు తిరగేస్తున్నాను. అక్క వచ్చి కస్టమర్‌ని ఒక్కటే అడిగింది: 'పార్టీ జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు చదవండి సార్.' 37. మన స్క్రీన్ మీద తెలంగాణ. ఇకనుంచి ట్యాక్స్ తేడా వస్తే నేనూ ముందు ఆ రెండు అంకెలే చదివిస్తాను."

చిన్నదే. ఫోన్‌లో ఒక స్క్రీన్‌లో సగం కూడా పట్టదు. ఇందులో "గ్రేట్" లేదు, "సూపర్" లేదు, థాంక్స్ కూడా లేదు. చివరి వాక్యమే థాంక్స్. ఆమె దగ్గర నేర్చుకున్నానని, రేపటినుంచి అలాగే చేస్తానని చెబుతున్నారు. సీనియర్‌కి అంతకంటే ఏం కావాలి? అయినా "థాంక్స్ అక్కా" అని చివర పెట్టకపోతే మీకు ఏదో వెలితిగా ఉంటే పెట్టేయండి, నష్టం లేదు. "సో మచ్" మాత్రం వద్దు.

సేల్స్‌వాళ్లకు ఐజీఎస్టీ గొడవ అర్థమవుతుందా అంటే పూర్తిగా కాదు. అవసరం లేదు కూడా. గంటన్నర, ఒక్క ప్రశ్న, రెండు అంకెలు: ఈ కథ పన్ను తెలియనివాళ్లకూ అందుతుంది. తెలిసినవాళ్లు "37, తెలంగాణ" దగ్గర నవ్వుకుంటారు. ఛానెల్లో ఉన్న అందరికీ అర్థం కావాలని "36 అనేది తెలంగాణ కోడ్, వేరే రాష్ట్రం అయితే ఐజీఎస్టీ పడుతుంది" అని వివరించడం మొదలుపెడితే అది ట్రైనింగ్ నోట్ అవుతుంది. మీ బృందంలో కొత్తవాళ్లకు అది కావాలంటే థ్రెడ్‌లో వేరేగా రాయండి.

మొదలు ఎక్కడ పెట్టారో కూడా చూడండి. "ఈ వారం నేను అభినందించాలనుకుంటున్న వ్యక్తి..." అని మొదలుపెడితే, ఫోన్ నోటిఫికేషన్‌లో కనిపించే ముక్క అంతా దానికే ఖర్చయిపోతుంది. జనం ఆ ముక్క చూసి, ఓహో శుక్రవారం వచ్చేసింది అనుకుని పక్కకు తోసేస్తారు. 11తో మొదలైతే ఆ రోజు ఏమైందా అని ఒక వేలు ఆగుతుంది. పెట్టేముందు స్లాక్‌లో మీకు మీరే డైరెక్ట్ మెసేజ్ పంపుకుని ఫోన్‌లో ఒకసారి చదవండి. ల్యాప్‌టాప్‌లో రెండు లైన్లుగా కనిపించింది ఫోన్‌లో ఆరు లైన్లవుతుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. మూడే చెబుతాను, మూడూ దెబ్బతిన్నాక తెలిసినవే.

ఒకటి. పార్టీ రాష్ట్రం తెలంగాణ అని ఎవరు పెట్టారు? కస్టమరే పెట్టి ఉండొచ్చు. కానీ చాలా కంపెనీల్లో కొత్త కస్టమర్ పాత డేటా ఎక్కించేది ఆన్‌బోర్డింగ్‌వాళ్లు. అదే అయితే, "రాష్ట్రం తప్పుగా ఎక్కించారని అక్క కనిపెట్టింది" అని మీరు రాసిన మరుక్షణం అదే ఛానెల్లో ఇంకొకరి ముఖం మాడిపోతుంది. అక్కకు కూడా ఇబ్బందే. రేపు ఆ టీమ్‌తో పని పడేది ఆమెకే. తెలుగులో మనకొక సౌకర్యం ఉంది, చేసినవాళ్ల పేరెత్తకుండా ఉన్న సంగతి చెప్పొచ్చు. "మన స్క్రీన్ మీద తెలంగాణ" అంటే ఎవరు పెట్టారన్న ప్రశ్నే లేవదు. "మన" అన్నాను, గమనించారా? "ఆన్‌బోర్డింగ్ షీట్‌లో తెలంగాణ" అని రాసి చూడండి, అదే వాక్యం వేలెత్తి చూపిస్తుంది. కస్టమర్ షాపు పేరు, పూర్తి జీఎస్టీ నంబరు కూడా ఛానెల్లో వద్దు. రెండు అంకెలు చాలు, వాటితో ఎవరినీ గుర్తుపట్టలేరు.

రెండు. "తన పని పక్కన పెట్టి", "లంచ్ కూడా మానేసి", "రాత్రి పదకొండు దాకా కూర్చుని" లాంటివి. ఇది నేను చేసిన తప్పే కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక ఆఫీసులో మా టీమ్ కుర్రాడు రిలీజ్ రోజు రాత్రి పదకొండు దాకా ఉండి ఒక బగ్ పట్టుకున్నాడు. నేను మంచి మనసుతో గ్రూపులో "రాత్రి పదకొండు దాకా సీటు కదలకుండా కూర్చున్నాడు" అని రాశాను. బగ్ ఎలా పట్టుకున్నాడో రాయలేదు. తర్వాతి వారం మా మేనేజర్, చంటిబిడ్డ ఉండటంతో ఆరింటికి వెళ్లిపోయే ఇంకో అమ్మాయిని పిలిచి, "చూడమ్మా, అందరూ ఎలా కష్టపడుతున్నారో" అన్నాడు. నా మెసేజ్ చూపించే అన్నాడు. ఆ అమ్మాయి నాతో ఏమీ అనలేదు, కొన్నాళ్లు మాట్లాడటమే తగ్గించింది. అప్పటినుంచి గంటలను పొగడటం మానేశాను. ఛానెల్లో మనం మెచ్చుకున్నదాన్ని పైనున్నవాళ్లు లెక్కగా చదువుతారు. అక్క తన పని ఆపి మీ సీటుకి రావడం పొగడితే, రేపు రాలేనివాళ్లు లోకువ అవుతారు. ఆమె అడిగిన ప్రశ్నను పొగడితే ఎవరూ లోకువ కారు, ఎవరైనా రేపు అడగొచ్చు.

మరి మీ వాక్యంలో "గంటన్నరగా" కూడా గంటల లెక్కే కదా అంటారేమో. అది ఆమె కష్టం కాదు, మీరు దారి తప్పిన దూరం. దాన్ని ఎవరూ కొలమానంగా వాడుకోలేరు.

మూడు. "అక్క" అనే పిలుపు. మీ టీమ్‌లో అందరూ అంటారు, ఆమెకూ అలవాటే. కానీ #shoutouts లో మీ టీమ్ ఒక్కటే ఉండదు. మీ పై అధికారులు, వేరే ఊళ్లో ఉన్న బ్రాంచివాళ్లు చదువుతారు. కొందరు సీనియర్ ఆడవాళ్లకు టీమ్‌లో అక్క అనిపించుకోవడం ఇష్టమే కానీ, ఆఫీసంతా చూసేచోట పేరు పక్కన గారు ఉండాలనిపిస్తుంది. పని గురించి చెబుతుంటే ఇంటి వరస ఎందుకు అని. ఆమె పెద్ద ఛానెల్లో మిమ్మల్ని ఎలా పిలుస్తుందో పాత మెసేజీలు చూడండి. ఆమె అందరికీ గారు పెడితే మీరూ గారు పెట్టండి. అప్పుడు "అడిగింది" కూడా "అడిగారు" అవుతుంది, రెండూ కలపకండి. "గారు వచ్చి అడిగింది" అని రాసి పంపేవాళ్లు చాలామంది ఉన్నారు, చదవడానికి పంటి కింద రాయిలా ఉంటుంది. ఆమె పేరును @ తో ట్యాగ్ చేయడం మరచిపోకండి. @channel మాత్రం కొట్టకండి. మెచ్చుకోలు కోసం ఆఫీసందరి ఫోన్లు మోగిస్తే ఆ చిరాకు ఆమె ఖాతాలో పడుతుంది.

మీ కాకా భయం గురించి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో దీన్నే పరీక్షించారు. తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతతో ఉత్తరం రాయమని, చదివినవాళ్లకు ఎలా అనిపిస్తుందో ముందే ఊహించమని కొందరిని అడిగారు. తర్వాత ఆ ఉత్తరాలు అందుకున్నవాళ్లను అడిగి చూశారు. రాసినవాళ్లు అవతలివాళ్ల సంతోషాన్ని తక్కువగా ఊహించారు, ఇబ్బందిని ఎక్కువగా ఊహించారు. అవి ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు, నలుగురి ముందు పెట్టినవి కాదు. మీ భయంలో కొంత ఆ నలుగురి గురించే కాబట్టి దాన్ని కొట్టిపారేయను. అయితే కాకా ఎప్పుడు అనిపిస్తుందో గమనించారా? విశేషణాలు ఉన్నప్పుడు. "ఆమె మనందరికీ ఇన్‌స్పిరేషన్" అంటే చదివేవాడు "నాకు కాదే" అనుకోవచ్చు. "మొదటి రెండు అంకెలు చదవమంది" అంటే కాదనడానికి ఏముంది? జరిగింది చెబుతున్నవాణ్ని ఎవరూ కాకారాయుడు అనరు. మీ అప్రైజల్ ఆమె చేతిలో ఉంటే అది వేరే సంగతి, అప్పుడు ఛానెల్ వదిలేసి ఆమెకే నేరుగా పంపండి.

అలాగే కొందరికి నలుగురి ముందు పేరెత్తితే ఒళ్లు కుంచించుకుపోతుంది. అక్క అలాంటి మనిషి అయితే, ఇదే వాక్యం డైరెక్ట్ మెసేజ్‌లో పంపి, "ఇది ఛానెల్లో పెట్టనా అక్కా?" అని అడగండి. వద్దంటే అక్కడితో ఆపేయండి. ఆమె చదివేసింది కదా.

శుక్రవారం సంగతి. మీ మేనేజర్ గుర్తు చేయడం తప్పేమీ కాదు, కానీ సాయంత్రం ఐదింటికి ముప్పై మెసేజీలు వరసగా పడితే మీది ముప్పై ఒకటవది అవుతుంది, ఎంత బాగా రాసినా ఆ వరసలో కలిసిపోతుంది. మంగళవారమో బుధవారమో పొద్దున్నే పెట్టండి. జరిగి వారమైంది కదా, ఆలస్యమైందని క్షమాపణతో మొదలుపెట్టకండి. 11 అని తేదీ ఉంది, అది చాలు. ఇకముందు మాత్రం జరిగిన రోజే ఒక ముక్క ఎక్కడైనా రాసి పెట్టుకోండి. మొత్తం రాయక్కర్లేదు, "హెడ్‌సెట్, 37" అని రెండు మాటలు. శుక్రవారం నాటికి మనకు గుర్తుండేది "అక్క హెల్ప్ చేసింది" అన్నది ఒక్కటే. అంకెలు, మాటలు బుధవారానికే జారిపోతాయి. మొక్కుబడి వాక్యాలు చాలావరకు మరచిపోవడం వల్లే పుడతాయని నా అనుమానం.

హెడ్‌సెట్ లాగేసుకునే సన్నివేశం ప్రతిసారీ ఉండదు, నిజమే. ఏ హడావుడీ లేకుండా పనిచేసేవాళ్లను రాయడం ఇంకా కష్టం. అక్కడ మలుపు ఒక రోజులో కనిపించదు, చాలా రోజులు కలిపి చూడాలి. మీ టీమ్‌లోనే ఎవరో ఒకరు టికెట్ మూసేటప్పుడు "ఇష్యూ రిజాల్వ్డ్" అని కొట్టి వదిలేయకుండా, ఏ స్క్రీన్‌లో ఏది మార్చారో ఒక లైను రాస్తారనుకోండి. "నిన్న అదే ఎర్రర్ నాకు వచ్చింది. వెతికితే మార్చిలో నువ్వు మూసిన టికెట్ దొరికింది, ఏ బటన్ నొక్కాలో కూడా రాసి ఉంది. కస్టమర్ లైన్లో ఉండగానే అయిపోయింది" అని రాయొచ్చు. ఆ మనిషి మార్చిలో చేసిన పని నిన్న మీకు ఎక్కడ తగిలిందో ఆ చోటు చూపించారు. "ఎప్పుడూ డాక్యుమెంటేషన్ బాగా చేస్తాడు" అనడం కన్నా ఆ ఒక్క టికెట్ ఎక్కువ చెబుతుంది. "ఎప్పుడూ" అని రాయబోతున్నప్పుడల్లా ఆగి, ఒక్కసారి ఎప్పుడో చెప్పండి.

మెసేజ్ పెట్టాక చప్పట్ల ఎమోజీలు పడతాయి, పడనివ్వండి. అక్క థ్రెడ్‌లో "అయ్యో, ఇంత చిన్నదానికా" అంటుంది, మనవాళ్లు అనకుండా ఉండరు. దానికి మళ్లీ మూడు థాంక్యూలు, రెండు దండాలు పెట్టకండి. "చిన్నదే అక్కా, నాకే తట్టలేదు. ఇంతకీ సెట్టింగులు చూడకుండా నీకు ముందు నంబరే ఎందుకు అనిపించింది?" అని అడగండి. ఆమె చెబితే ఆ జవాబు మీ మెసేజ్ కన్నా బాగుంటుంది. వచ్చే నెల 11న ఆ థ్రెడ్ వెతుక్కునేవాళ్లు మీ ఆఫీసులో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.